పాస్‌వర్డ్ ఇచ్చేస్తే దానితో పాటు ఏమేం ఇచ్చేస్తున్నాం?

అందరికీ నమస్కారం.

నేను ఆరేళ్లపాటు ఇన్‌స్టాగ్రామ్‌లో పక్షుల ఫొటోల ఖాతా నడిపాను. మొదట్లో అది నా సొంత ఖాతానే, ఇంట్లోవాళ్ల ఫొటోలు కూడా అందులోనే పెట్టేదాన్ని. చూసేవాళ్లు పెరిగాక పేరు మార్చి, పూర్తిగా పక్షులకే వదిలేశాను. చివరికి సమయం చాలక, నాతో పాటు ఫొటోలు తీసే స్నేహితురాలికి దాన్ని అప్పగిద్దామనుకున్నాను. డబ్బు ప్రసక్తి లేదు. రెండు రోజులు కూర్చుని ఇంటి ఫొటోలన్నీ డిలీట్ చేసి, ఆవిడకు పాస్‌వర్డ్ పంపాను.

మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది. "మీ పాప పుట్టినరోజు ఫొటోలు ఇంకా ఇందులోనే ఉన్నాయండీ. కనబడగానే మూసేశాను. మీకు చెప్పకపోతే మనసు ఒప్పుకోలేదు" అంది.

డిలీట్ చేసిన పోస్టు వెంటనే పోదు. Your activity లోపల Recently deleted అని ఒకటుంటుంది, అందులో 30 రోజుల వరకు ఉంటుంది. పొరపాటున తీసేసినవాళ్లు తిరిగి తెచ్చుకోవడానికి పెట్టిన వెసులుబాటు అది. ఖాతా చేతులు మారితే ఆ వెసులుబాటు కూడా కొత్తవాళ్ల చేతికే పోతుంది. అక్కడికి వెళ్లి మళ్లీ ఒకసారి డిలీట్ కొడితేనే పని పూర్తయినట్టు. స్టోరీల ఆర్కైవ్‌ది ఇంకో దారి. ఇరవై నాలుగు గంటల్లో పోయాయని మనం అనుకున్న స్టోరీలు, ఆర్కైవ్ ఆన్‌లో ఉంటే, ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటాయి. బయటివాళ్లకు కనబడవు కాబట్టి వాటిని మనమే మర్చిపోతాం.

ఫొటోల సంగతి పోనీ, అవి నావి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇన్‌బాక్స్. భర్త పోయాక రోజూ పొద్దున్నే మీ పక్షుల ఫొటో చూసి లేస్తున్నానని ఒకావిడ నాకు ఉత్తరమంత సందేశం రాసింది. ఆవిడ రాసింది నాకు. ఆ పేజీ రేపు ఎవరు నడుపుతారో వాళ్లకు కాదు. శుభ్రం చేయడమంటే మన పరువు కాపాడుకోవడమని చాలామంది అనుకుంటారు. మనల్ని నమ్మి రాసినవాళ్ల మాటలు వాళ్లకు తెలియని మనిషి చేతిలో పడకుండా చూడటం అంతకంటే ముఖ్యమని నేను అంటాను. చాట్ మొత్తం డిలీట్ చేస్తే మన వైపు మాత్రమే పోతుంది, రాసినవాళ్ల దగ్గర అలాగే ఉంటుంది. మనకు కావలసింది కూడా అదే. మెసేజ్ రిక్వెస్టుల్లో తెరవకుండా వదిలేసినవి కూడా చూడండి.

బ్లాక్ చేసినవాళ్ల జాబితా గురించి ఎవరూ ఆలోచించరు. మనల్ని వేధించి బ్లాక్ అయిన మనిషి ఎవరో కొత్త యజమానికి తెలిసిపోతుంది. ఆ బ్లాక్ ఎందుకు పెట్టామో తెలియక ఆయన తీసేస్తే, ఆ మనిషి మళ్లీ నేరుగా మన పాత పరిచయస్థుల మధ్యకి వచ్చేస్తాడు.

ఇక నిబంధనలు. నేను డబ్బు తీసుకోలేదు కాబట్టి తప్పేమీ లేదనుకున్నాను. ఇన్‌స్టాగ్రామ్ షరతులు చదివితే అలా లేదు. ఖాతాను అమ్మడం, కొనడమే కాదు, యూజర్‌నేమ్‌తో సహా ఖాతాలో ఏ భాగాన్నైనా బదిలీ చేయడానికి ప్రయత్నించడం కూడా కుదరదని ఉంది. ఉచితంగా ఇచ్చినా బదిలీ బదిలీయే. ఎక్స్‌లో ఒకరి యూజర్‌నేమ్ కోసం ఇంకొకరు డబ్బు అడిగినా, ఇచ్చినా ఖాతాను శాశ్వతంగా మూసేయవచ్చని వాళ్ల నిబంధనల్లో రాసి ఉంది. యూజర్‌నేమ్ మీద అసలు హక్కు ఎవరిదో 2023 జూలైలో తెలిసింది. ట్విట్టర్ పేరు ఎక్స్‌గా మారినప్పుడు, 2007 నుంచి @x వాడుకుంటున్న శాన్‌ఫ్రాన్సిస్కో ఫొటోగ్రాఫర్ దగ్గర్నుంచి కంపెనీ దాన్ని తీసేసుకుంది. డబ్బులేమీ ఇవ్వలేదు. మనం అమ్ముతున్నామనుకునేది నిజానికి మనకు వాడుకోమని ఇచ్చినదే.

టెలిగ్రామ్ మాత్రం వేరే దారి పట్టింది. 2022 అక్టోబరు నుంచి ఫ్రాగ్మెంట్ అనే వేదిక మీద యూజర్‌నేమ్‌లను బహిరంగంగా వేలం వేయనిస్తోంది. కాబట్టి ఒకచోట కుదిరిందని ఇంకోచోట కుదురుతుందని అనుకోవద్దు.

నిబంధన సంగతి అలా ఉంచినా, పాస్‌వర్డ్‌తో చేసే బేరంలో కొనేవాడికి ఇంకో ప్రమాదం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈమెయిల్ మార్చగానే, ఈ మార్పు మీరు చేసినది కాకపోతే వెనక్కి తీసుకోండని పాత ఈమెయిల్‌కు లింకు వెళుతుంది. హ్యాక్ అయినవాళ్ల కోసం పెట్టిన రక్షణ అది. డబ్బు తీసుకున్న మోసగాడు అదే లింకు నొక్కి ఖాతా వెనక్కి లాక్కోగలడు. ఆ బేరమే నిబంధనలకు విరుద్ధం, ఇక కొన్నవాడు ఎవరి దగ్గరికి వెళ్లి మొత్తుకోవాలి?

పాస్‌వర్డ్ ఇవ్వకుండా అప్పగించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఫేస్‌బుక్ పేజీ మన ప్రొఫైల్‌కు వేరుగా ఉంటుంది. అవతలి మనిషికి పూర్తి నియంత్రణ ఇచ్చి, మనం తప్పుకుంటే చాలు. ఆ నియంత్రణను అమ్ముకోవడం మాత్రం అక్కడా నిషేధమే, పేజీలను కొనడం, అమ్మడం స్పామ్ నిబంధనల కిందికి వస్తుంది. ఇంకో మాట, పేజీ ఇన్‌బాక్స్ పేజీతోనే పోతుంది. పేజీకి పాత పేర్లేమిటో Page transparency లో ఎవరైనా చూడవచ్చు, కాబట్టి పేరు మార్చినంత మాత్రాన గతం చెరగదు.

యూట్యూబ్‌లో మన సొంత గూగుల్ ఖాతాకు వేరుగా ఉండే బ్రాండ్ అకౌంట్ కింద ఉన్న చానెల్‌కు కొత్త ఓనర్‌ను చేర్చి, 7 రోజులు ఆగాక ఆయన్ని ప్రధాన ఓనర్‌గా మార్చవచ్చు. టెలిగ్రామ్ చానెల్లో అడ్మిన్‌కు అన్ని హక్కులూ ఇచ్చి, ఆయన పేరు మీద నొక్కితే Transfer Ownership వస్తుంది. అయితే మన టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి కనీసం 7 రోజులు, ఆ ఫోన్‌లో లాగిన్ అయి కనీసం 24 గంటలు గడవాలి. ఫోన్ కొట్టేసినవాడు ఆ రాత్రికి రాత్రే చానెల్ తన పేరు మీదకు మార్చుకోకుండా ఈ గడువు అడ్డుపడుతుంది. తొందరలో ఉన్నప్పుడు చిరాకేస్తుంది కానీ, ఆ వారం రోజుల్లోనే మెసేజ్‌లు, పాత పోస్టులు తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మేమేం చేశామో చెబుతాను. స్నేహితురాలు ఫోన్ చేసిన సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాను, మిగతా ఫోన్లలోని లాగిన్లు అన్నీ తీసేశాను, టూ ఫ్యాక్టర్ బ్యాకప్ కోడ్లు కొత్తవి తెచ్చుకున్నాను. పాస్‌వర్డ్ తర్వాత రెండో తాళంలా పనిచేసే కోడ్లవి, పాతవి ఆవిడకు కూడా పంపి ఉన్నాను. తర్వాత నా సమాచారం మొత్తం ఒక కాపీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. డిలీట్ చేసేముందే ఇది చేయాలి, Recently deleted ఖాళీ చేశాక ఏ కాపీ రాదు. ఆ పైన ఆవిడ కొత్త పేరుతో కొత్త ఖాతా తెరిచింది. పాతదానిలో "ఇకపై పక్షులు ఇక్కడ" అని ఒక పోస్టు పెట్టి, పైన పిన్ చేశాను. నడిపేది ఎవరో అందులో పేరుతో సహా చెప్పాను, ఎందుకంటే చూసేవాళ్లకు ఆ సంగతి తెలియాలి.

అందరూ వెళ్లలేదు. వెళ్లినవాళ్లు సగం కూడా ఉండరు, అది ఆవిడకు బాధగానే ఉంది. ఆ సందేశం రాసినావిడకు మాత్రం నేనే విడిగా రాశాను. ఈ పేజీ ఇక నేను నడపను, మీరు నాకు రాసింది నా దగ్గరే ఉంటుంది, మరెవరూ చదవరు అని చెప్పాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. కొత్త పేజీ లింకు మళ్లీ పంపమని అడిగింది.