నిలబడి ఉన్న కారు ఖర్చు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లల్ని వదిలి కిందికి వచ్చినందుకు సంతోషం. ముప్పై ఏళ్లు బ్యాంకులో లోన్లు చూసినవాణ్ని, అందులో కారు లోన్లే ఎక్కువ. ఎంతోమంది చేత కార్లు కొనిపించిన మనిషి ఇప్పుడొచ్చి కొనాలా వద్దా అని మాట్లాడుతున్నాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. అప్పట్లో నన్ను అందరూ అడిగింది ఒకటే: "సార్, ఈఎంఐ ఎంత పడుతుంది?" ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని నేనూ ఎవరినీ అడగలేదు. అసలు లెక్క అక్కడే ఉంది.

ఒక ఇంటి లెక్క చేద్దాం. భార్యాభర్తలు, ఒక పాప. ఉండేది హైదరాబాద్‌లో. ఆయన ఆఫీసుకి మెట్రోలో వెళ్తాడు, ఆవిడకి ఇంటి నుంచే పని. వారానికి రెండుసార్లు బయటికి వెళ్తారు, రానూపోనూ 20 కిలోమీటర్లు. ఏడాదికి 100 సార్లు అనుకుంటే 2,000 కిలోమీటర్లు. ఆవిడ పుట్టిల్లు ఖమ్మం దగ్గర. ఏడాదికి నాలుగుసార్లు మూడేసి రోజులకి వెళ్తారు. అక్కడ తిరగడంతో కలిపి ఒక్కో ట్రిప్పు 500 కిలోమీటర్లు, అంటే ఇంకో 2,000. మొత్తం 4,000. మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సగం కార్లు ఇంతకంటే పెద్దగా తిరగవని నా అనుమానం. దుమ్ము చూస్తే తెలుస్తుంది.

వీళ్లు 8 లక్షల కారు కొన్నారనుకుందాం. అది షోరూమ్ ధర. దాని మీద తెలంగాణలో లైఫ్ టాక్స్ 14 శాతం, అంటే 1,12,000. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపితే కారు రోడ్డెక్కేసరికి 9,60,000 అవుతుంది. రేపు కారు అమ్మినప్పుడు కొనేవాడు లైఫ్ టాక్స్ కట్టావు కదా అని విడిగా ఏమీ ఇవ్వడు. తాళం చేతికొచ్చిన రోజే ఆ లక్ష పోయినట్టే.

ఎనిమిదేళ్లు వాడి 3 లక్షలకి అమ్మారు. 6,60,000 కరిగిపోయింది, ఏడాదికి 82,500. ఇది ఎవరూ చెక్కు రాసి ఇచ్చే ఖర్చు కాదు కాబట్టి ఎవరి నోట్‌బుక్‌లోనూ కనపడదు. దీని తర్వాత వడ్డీ. రొక్కం పెట్టి కొన్నాను, నాకు వడ్డీ లేదంటారు కొందరు. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వచ్చేది కదా? మొదట్లో 9,60,000, చివర్లో 3 లక్షలు ఇరుక్కుంటాయి కాబట్టి సగటున 6,30,000. ఆరున్నర శాతం వేసినా ఏడాదికి 41,000. లోన్ మీద కొంటే ఇంకా ఎక్కువే. 7 లక్షలు 9 శాతానికి ఐదేళ్లు తీసుకుంటే నెలకి దాదాపు 14,500 కడతారు, వడ్డీ ఒక్కటే దాదాపు 1,72,000 అవుతుంది.

మిగతావి చిన్నవి. ఇన్సూరెన్స్ 15,000, సర్వీసింగ్ 10,000, టైర్లు బ్యాటరీ సర్దితే 4,000, రోజూ తుడిచే అబ్బాయికి నెలకి 600 చొప్పున 7,200. అన్నీ కలిపితే ఏడాదికి సుమారు 1,60,000. ఇందులో చుక్క పెట్రోలు లేదు. కారు సెల్లార్‌లోంచి కదలకపోయినా అయ్యే ఖర్చిది. కదలకపోతే నిజానికి కాస్త పెరుగుతుంది కూడా. మూడు వారాలు తీయకపోతే బ్యాటరీ దిగుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నా కారు వైరింగ్ రెండుసార్లు వాటికే ఇచ్చాను.

పెట్రోలు లీటరు 107, సిటీలో లీటరుకి 15 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకి 7 రూపాయలు. 4,000కి 28,000. మొత్తం 1,88,000. అంటే కిలోమీటరుకి 47 రూపాయలు. "క్యాబ్ వాడు ఎయిర్‌పోర్టుకి అంత అడిగాడు" అని కోప్పడే మనం, రోజూ అంతకంటే ఖరీదైన బండిలో కూరగాయలకి వెళ్తున్నాం.

ఇప్పుడు క్యాబ్ వైపు. సిటీలో రద్దీ రేట్లు కలుపుకుని కిలోమీటరుకి 25 వేద్దాం. 2,000 కిలోమీటర్లకి 50,000. ఖమ్మం ట్రిప్పు దగ్గరే జాగ్రత్త కావాలి. ఊరికి క్యాబ్ మాట్లాడితే "కిలోమీటరుకి 13" అంటారు, చవగ్గా వినిపిస్తుంది. కానీ రోజుకి కనీసం 300 కిలోమీటర్లు అని షరతు ఉంటుంది. మూడు రోజులకి మీరు తిరిగింది 500 అయినా బిల్లు 900కి వేస్తారు: 11,700. డ్రైవర్ బత్తా, టోల్ వేరే. బండి రెండో రోజంతా అత్తగారింటి ముందు వేపచెట్టు కింద ఆగి ఉన్నా మీటరు తిరుగుతున్నట్టే లెక్క.

అలాంటప్పుడు సెల్ఫ్ డ్రైవ్ నయం. రోజుకి 2,500 చొప్పున 7,500, పెట్రోలు 3,500, మొత్తం 11,000. నాలుగు ట్రిప్పులకి 44,000. సిటీ ఖర్చుతో కలిపి 94,000. సొంత కారుకి సరిగ్గా సగం.

సెల్ఫ్ డ్రైవ్‌లో రెండు విషయాలు చూసుకోండి. నంబర్ ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉండాలి. అద్దెకిచ్చే బండికి అనుమతి ఉందనడానికి అదే గుర్తు. తెల్ల ప్లేటు సొంత కారుని ఎవరో చవగ్గా ఇస్తానంటే వద్దు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత వాడకానికని రాసిన పాలసీ చూపించి క్లెయిమ్ తోసేయవచ్చు. రెండోది, తీసుకునే ముందు బండి చుట్టూ, టైర్లు, లోపలి మీటరుతో సహా వీడియో తీయండి. ఒకసారి నేను తీయలేదు. నేను చేయని గీతకి డిపాజిట్‌లో 4,000 కోసుకున్నారు.

మరి ఎప్పుడు కొనాలి? సిటీలో తిరిగే ప్రతి అదనపు కిలోమీటరుకీ సొంత కారు 7 తీసుకుంటే క్యాబ్ 25 తీసుకుంటుంది. కిలోమీటరుకి 18 మిగులు. మన రెండు లెక్కల మధ్య తేడా 94,000ని 18తో భాగిస్తే 5,200. అంటే వీళ్లు ఏడాదికి 9,000 పైచిలుకు తిరిగితే కారు గిట్టుబాటు. అది రోజూ కార్లో ఆఫీసుకి వెళ్లేవాళ్ల లెక్క. ఆయన ఆఫీసు మెట్రో లేని చోటికి మారిందంటే నా మాట వెనక్కి తీసుకుంటాను.

లెక్కలో దొరకనివీ ఉన్నాయి. సంక్రాంతికి ముందు మూడు రోజులు ఏ రేటుకైనా బండి దొరకదు, నెల ముందే బుక్ చేసుకోవాలి. అర్ధరాత్రి పాపకి జ్వరం వస్తే యాప్‌లో "డ్రైవర్‌ను వెతుకుతున్నాం" అని తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో నాకు తెలుసు. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే నేనైతే కారు ఉంచుకుంటాను.

అలాంటి ఇళ్లకి మధ్యదారి ఉంది, సెకండ్ హ్యాండ్ కారు. నాలుగేళ్ల కారు 4 లక్షలకి కొని, ఐదేళ్లు వాడి 2 లక్షలకి అమ్మితే కరిగేది ఏడాదికి 40,000. రిపేర్లకి ఎక్కువ వేసి, వడ్డీ, ఇన్సూరెన్స్, పెట్రోలు కలిపినా మొత్తం 1,26,000 దగ్గర ఆగుతుంది. క్యాబుల కంటే 32,000 ఎక్కువ, నెలకి 2,700 లోపు. ఆ టెన్షన్ తప్పడానికి అంత ఇవ్వచ్చా అనేది మీ ఇల్లు చెప్పాలి. కొనేముందు షోరూమ్ సర్వీస్ రికార్డు తీయించి, మీటరు రీడింగ్‌తో పోల్చి చూడండి. మొన్నటి సర్వీసులో 70,000 రాసి ఉండి ఇప్పుడు మీటరు 52,000 చూపిస్తే లేచి వచ్చేయడమే.

ఇప్పటికే ఆరేడేళ్ల కారు ఉన్నవాళ్లు ఇదంతా విని రేపే అమ్మేయకండి. మీ కారు కరగాల్సినంత కరిగిపోయింది. ఇప్పుడది ఏడాదికి పాతిక ముప్పై వేలకి మించి తగ్గదు. దాన్ని అమ్మి మళ్లీ కొత్తది తీసుకుంటేనే మొదటి లెక్క మళ్లీ మొదలవుతుంది. ఎక్స్‌ఛేంజ్ బోనస్ అంటూ ఫోన్లు వస్తున్నవాళ్లు ముందు అడగండి, ప్రశ్నలకి మైకు అటు పంపిస్తాను.