ఊరెళ్తూ కుక్కని ఎవరికి అప్పజెప్పాలి?

శ్రోతలకు నమస్కారం.

కార్తీకమాసంలో కాశీ, గయ, ప్రయాగ చూసి రావాలంటే ఇంటికి 15 రోజులు తాళం పడుతుంది. పాలవాడికి చెబుతాం, పేపరబ్బాయికి చెబుతాం. కుక్క సంగతి మాత్రం రైలు ఎక్కడానికి రెండ్రోజుల ముందు గుర్తొస్తుంది. రెండ్రోజులు చాలవండీ. మూడు వారాలు కావాలి. ఎందుకో ఒక కుక్కని తీసుకుని చూద్దాం.

రాయగడలో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటి కుక్క రాజా. నాటు కుక్క, నాలుగేళ్ళు, 20 కిలోల బరువు. ఇంటివాళ్ళ ముందు రెండు దారులున్నాయి. రెండు వీధుల అవతల ఉన్న పిన్నిగారింట్లో వదలడం ఒకటి, విశాఖ తీసుకెళ్ళి డబ్బు కట్టి బోర్డింగులో పెట్టడం రెండోది.

బోర్డింగు ఫోన్లో మాట్లాడుకుని ఖాయం చేసే వ్యవహారం కాదు, వెళ్ళి చూడాలి. ఫొటోల్లో గోడల రంగు తెలుస్తుంది గానీ వాసన తెలియదు. కుక్కలుండే గది దాకా వెళ్ళి చూస్తామంటే ఒప్పుకోని చోట వదలొద్దు. లోపల ముందు గేటు చూడండి. వీధి గేటు తెరిచినప్పుడు కుక్కకీ రోడ్డుకీ మధ్య ఇంకో తలుపు ఉండాలి. ఉన్నది ఒక్క తలుపే అయితే, అన్నం గిన్నెతో మనిషి లోపలికి వచ్చే ఆ క్షణమే కుక్క బయటికి దూరిపోతుంది. తర్వాత, రాత్రి అక్కడ ఎవరు పడుకుంటారో అడగండి. "సీసీ కెమెరా ఉందండీ" అంటే అది జవాబు కాదు. అర్ధరాత్రి కుక్క వాంతి చేసుకుంటే కెమెరా లేచి రాదు కదా.

ఇంకొకటి. మీ కుక్క టీకా కార్డు వాళ్ళు అడుగుతున్నారా, గమనించండి. కొంతమందికి ఆ అడగడం చిరాకుగా ఉంటుంది. కానీ మిమ్మల్ని అడగనివాళ్ళు పక్క గదిలో కుక్కవాళ్ళనీ అడిగి ఉండరు. రేబిస్ టీకా, ఏడాదికోసారి వేసే కంబైన్డ్ టీకా, కుక్కలు గుంపుగా ఉండేచోట ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గుకి టీకా, ఈ మూడూ ఉండాలి. బాకీ ఉన్నవి వదలడానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. సూది వేసిన మర్నాడే రక్షణ రాదు.

రాజా సంగతికి వద్దాం. వాడు ఊళ్ళో పెరిగినవాడు, కొత్త కుక్క కనిపిస్తే మీదికి వెళ్తాడు, ఒక్క గదిలో ఎప్పుడూ ఉండలేదు. ఇలాంటి కుక్కకి, ముసలి కుక్కకి, రోజూ మందు వేసుకునే కుక్కకి తెలిసినవాళ్ళ ఇల్లే నయమని నా అభిప్రాయం. చిన్నప్పట్నుంచి నలుగురితో, నాలుగు కుక్కలతో తిరిగినది అయితే మంచి బోర్డింగులో హాయిగానే ఉంటుంది.

అయితే పిన్నిగారు "దానికేముందిరా, వదిలేసి వెళ్ళు" అన్నంత మాత్రాన సరిపోదు. మూడు వారాల ముందు రెండు రాత్రులు అక్కడ వదిలి చూడాలి. మీరు వెంట ఉండకూడదు. మొదటి పూట అన్నం ముట్టకపోతే కంగారు పడక్కర్లేదు, చాలా కుక్కలు అంతే. రెండో రోజుకి తింటోందా? మల మూత్రాలు మామూలుగా ఉన్నాయా? రాత్రంతా తలుపు గీకుతూ, రొప్పుతూ తిరిగిందా, కాసేపటికి పడుకుందా? పడుకుందంటే సగం పని అయినట్టే. రెండు రాత్రులూ కుదురు లేకపోతే వేరే ఏర్పాటు చూసుకోవడానికి ఇంకా మూడు వారాలుంటాయి. ఆ గడువు కోసమే ముందు నుంచీ మూడు వారాలని చెబుతున్నాను. అక్కడ పారాడే పిల్లవాడు గానీ, పెరట్లో కోళ్ళు గానీ ఉంటే ఏం జరుగుతుందో కూడా ఈ రెండు రోజుల్లోనే బయటపడుతుంది.

ఇక తిండి. "రోజుకి రెండుసార్లు కొంచెం అన్నం" అని చెబితే, పిన్నిగారి కొంచెం వేరు, మీ కొంచెం వేరు. పైగా ఆవిడ ఒకసారి, కోడలు ఒకసారి పెడతారు. ఎండు మేత తినే కుక్కయితే పూటకో పొట్లం కట్టేయండి. 15 రోజులకి 30 పొట్లాలు, రైలు ఆలస్యానికి మూడు రోజులవి మరో ఆరు, మొత్తం 36. అప్పుడు పొట్లం మిగిలిందంటే పూట తప్పిందని తెలుస్తుంది. అన్నం తినే కుక్కయితే దాని గిన్నే పంపి, ఎంతవరకు నింపాలో లోపల గీత గీయండి. వాళ్ళింటి వంటకి మార్చాల్సి వస్తే వారం పట్టి మెల్లగా మార్చాలి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన కోడి ఎముకలు వద్దని చెప్పడం కాదు, రాసి గోడకి అంటించండి. ఆ కాగితం మీదే ఇంకో మాట: ఒళ్ళు వేడిగా ఉందని మనుషుల జ్వరం మాత్ర వేయకూడదు. పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. కుక్క ఒళ్ళు మామూలుగానే మనకన్నా వేడిగా, 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. చేత్తో తాకి జ్వరమనుకునేది చాలాసార్లు జ్వరం కాదు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇప్పుడు చెబుతాను. కుక్క తప్పించుకునేది సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లోనే, అదీ తన ఇంటికి వెళ్ళడానికే. బెల్టు బిగువు మెడకీ దానికీ మధ్య రెండు వేళ్ళు పట్టేంతే ఉండాలి. వదులైతే కుక్క వెనక్కి నడిచి తల లాగేసుకుంటుంది. ఆ మూడు రోజులూ బెల్టుతో పాటు ఛాతీకి హార్నెస్ కూడా వేసి, రెండింటికీ తాడు కట్టి నడిపించాలి. అంతా చేసినా తప్పించుకుంటే పిన్నిగారు ముందు వెతకాల్సింది మీ ఇంటి గేటు దగ్గర. ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పండి. ఇక బెల్టుకి వేలాడే బిళ్ళ మీద ఎవరి నంబరుంది? మీదే ఉంటుంది. మీరేమో రైల్లో, సిగ్నల్ లేని చోట. దొరికినవాళ్ళు ఎవరికి ఫోన్ చేయాలి? పిన్నిగారి నంబరు రాసిన బిళ్ళ ఒకటి ఆ 15 రోజులకీ తగిలించండి.

పశువుల డాక్టరు నంబరు, టీకా కార్డు నకలు, ఒక కవరులో డబ్బు ఇచ్చి వెళ్ళండి. "ఇంత ఖర్చు దాకా నన్ను అడక్కుండా వైద్యం చేయించండి" అని మీ సంతకంతో రాయండి. ఆ కాగితం లేకపోతే ఆవిడ మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఒక రోజు పోగొడుతుంది. రెండు రోజులు ఏమీ తినకపోతే, చిగుళ్ళు తెల్లబడితే, ముక్కులోంచి రక్తం వస్తే ఆ పూటే తీసుకెళ్ళాలి. చివరి రెండూ పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి గుర్తులు కావచ్చు. రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ళ సందుల్లో చూడమనండి.

బోర్డింగులో ఉంచినవాళ్ళకి మరొక్క మాట. తీసుకొచ్చాక ఓ పది రోజులు దగ్గు గమనించండి. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు పొడిగా, గట్టిగా దగ్గి, చివర్లో ఓకరిస్తే డాక్టరుకి చూపించి, తగ్గేదాకా వీధిలోని మిగతా కుక్కల దగ్గరికి తీసుకెళ్ళకండి.

నమస్కారం.