సేటు లెక్కలో పోయిన 40 నిమిషాలు
(గణిత దినోత్సవం సందర్భంగా నల్లగొండలో ఒక ఉన్నత పాఠశాలలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, ముందు వరుసల్లో కింద కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. డిసెంబరు 22 కాబట్టి రామానుజన్ గారి గురించి మాట్లాడమన్నారు. ఆయన గురించి నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ బాగా చెప్పారు. నాలుగోసారి మీరు విననక్కర్లేదు. నేను లారీ గురించి మాట్లాడతాను.

మా చిన్నాయన లారీ డ్రైవరు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు బండి తోలేవాడు. మిల్లు నుంచి హైదరాబాద్ శివార్లలో ఉన్న గోదాముకు బియ్యం బస్తాలు చేర్చి, ఖాళీ బండితో తిరిగి రావాలి. పోను 120 కిలోమీటర్లు, రాను 120. విజయవాడ రోడ్డు అప్పటికి నాలుగు లైన్లు కాలేదు, దాన్ని 9వ నంబరు హైవే అనేవాళ్లం. సేటు గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: లోడుతో 30 దాటొద్దు, ఖాళీగా 60 దాటొద్దు. టైర్ల ఖర్చు ఆయనది కదా! చిన్నాయన కూడా ఆ మాట దాటేవాడు కాదు. బండి మీద అంత ప్రేమ ఉన్న మనిషి.

మిల్లు గేటు దగ్గర ఒక బుక్కు ఉండేది. బండి ఎన్నింటికి బయటికి పోయింది, ఎన్నింటికి లోపలికి వచ్చింది అని గుమస్తా రాసేవాడు. గోదాము గేటు దగ్గరా అట్లాంటి బుక్కే. అక్కడి టైములు చీటీ మీద రాసి డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లు. బస్తాలు దింపే టైము తీసేస్తే, బండి రోడ్డు మీద ఎంతసేపు ఉందో పక్కాగా తెలిసిపోతుంది. ఒకరోజు సేటు ఆ టైములన్నీ ముందర పెట్టుకొని కూడాడు. 6 గంటలు వచ్చింది. ఆ తర్వాత ఒక కాగితం మీద తన లెక్క వేశాడు. 30, 60 కలిపితే 90. అందులో సగం 45. మొత్తం దూరం 240. దాన్ని 45తో భాగిస్తే 5 గంటల 20 నిమిషాలు.

"మరి 40 నిమిషాలు ఏడ కూసున్నవ్ రా? నార్కట్‌పల్లిల హోటలు కాడ్నేనా?"

"లేదు సేటు, యాడ ఆగలే. నువ్వు చెప్పిన స్పీడులనే తోలిన."

"నేను చెప్పిన స్పీడులో తోలితే నా లెక్క ఎందుకు తప్పుతది?"

దానికి మా చిన్నాయన దగ్గర జవాబు లేదు. ఆ రోజు బత్తాలో కోత పడింది. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకూ పడింది. ఎందుకంటే ప్రతి ట్రిప్పుకూ అవే 40 నిమిషాలు తేలేవి! దొంగ అయితే ఒకరోజు 30, ఒకరోజు 50 నిమిషాలు కొట్టేస్తాడు గానీ, రోజూ కొలిచినట్టు 40 నిమిషాలే ఎందుకు కొట్టేస్తాడు? ఈ అనుమానం సేటుకు రాలేదు.

పిల్లలూ, ఇప్పుడు చెప్పండి. సేటు కూడిక తప్పా? కాదు. భాగహారం తప్పా? కాదు. 240ని 45తో భాగిస్తే 5 గంటల 20 నిమిషాలే వస్తుంది. తప్పు ఎక్కడుంది?

వెనకాల ఎవరో "టు ఎబి బై ఎ ప్లస్ బి" అన్నారు. విన్నాను. ఆ సూత్రం జేబులోనే పెట్టుకో నాయనా, దాని పని కూడా చెప్తాను. ముందు గేటు బుక్కు చూద్దాం.

పోయేటప్పుడు 120 కిలోమీటర్లు 30 వేగంతో పోతే 4 గంటలు. వచ్చేటప్పుడు అదే 120 కిలోమీటర్లు 60 వేగంతో వస్తే 2 గంటలు. మొత్తం 6 గంటలు. 240ని 6తో భాగిస్తే 40. సగటు వేగం 40, అంతే. గేటు బుక్కు అబద్ధం చెప్పలేదు, చిన్నాయన అబద్ధం చెప్పలేదు.

45 ఎందుకు రాలేదు? 45 అన్న మాటలో ఒక షరతు దాగి ఉంది. ఆ బండి 30 వేగంతో ఎంతసేపు నడిచిందో, 60 వేగంతో కూడా అంతసేపే నడవాలి. చెరి 3 గంటలు అనుకోండి. 30తో 3 గంటలకు 90 కిలోమీటర్లు, 60తో 3 గంటలకు 180. మొత్తం 6 గంటల్లో 270, సగటు సరిగ్గా 45. అప్పుడు సేటు లెక్క సరిపోతుంది. కానీ మన బండి 30తో నడిచింది 4 గంటలు, 60తో నడిచింది 2 గంటలే. ఆరు గంటల్లో ఒక్కో గంటనూ పిలిచి "నీ వేగం ఎంత?" అని అడిగితే నలుగురు 30 అంటారు, ఇద్దరు 60 అంటారు. నాలుగు ముప్పైలు 120, రెండు అరవైలు 120, మొత్తం 240, ఆరుగురికీ పంచితే 40. నెమ్మదిగా పోయే దారికే ఎక్కువ గంటలు పడతాయి కాబట్టి, దూరాలు సమానమైనప్పుడు సగటు ఎప్పుడూ నెమ్మది వేగం వైపుకే ఒరుగుతుంది. ఈ సగటును మీ పెద్ద క్లాసుల్లో హరాత్మక మధ్యమం అంటారు. రెండు వేగాలూ ఒకటే అయితే తప్ప, అది మామూలు సగటు కంటే తక్కువే ఉంటుంది.

దూరం ఎంతో చెప్పకపోతే ఎట్లా సార్ అని ప్రతి బ్యాచులో ఒకరు అడుగుతారు. మీకు నచ్చిన దూరం పెట్టుకోండి. 60 కిలోమీటర్లు పెట్టుకుంటే పోను 2 గంటలు, రాను 1 గంట, 120 బై 3, మళ్లీ 40. రెండు వేగాలతోనూ తేలిగ్గా భాగించే సంఖ్య తీసుకుంటే చాలు. రెండు వైపులా దూరం సమానంగా ఉన్నంతవరకు ఎంత దూరమైనా జవాబు మారదు.

సేటు కథకు వస్తాను. నేను అప్పుడు ఇంటర్. చిన్నాయన వద్దంటున్నా మిల్లుకు పోయాను. సేటు 45 అని రాసిన ఆ కాగితం చూపించి, "చదువుకుంటున్నవ్ గదా, తప్పు పట్టు" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను: "సేటు, సగటు 45 రావాలంటే వచ్చేటప్పుడు బండి ఎంత స్పీడుతో రావాలె?" "అరవై" అన్నాడు. గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకొని లెక్క వేశాం. సేటు కోరే మొత్తం టైము 5 గంటల 20 నిమిషాలు. అందులో పోయేటప్పుడే 4 గంటలు అయిపోయాయి. మిగిలింది గంటా 20 నిమిషాలు. అంతలో 120 కిలోమీటర్లు రావాలంటే వేగం 90.

తొంభై! అరవై దాటితే ఊరుకోనన్న మనిషే తెలియకుండా 90తో రమ్మంటున్నాడు. ఇప్పుడైతే సరుకు బండ్లకు స్పీడ్ గవర్నర్ ఉంటుంది, 80 దగ్గరే పట్టేస్తుంది. ఆ రోజుల్లో అదీ లేదు. ఆ 40 నిమిషాల కోత తప్పించుకోవాలని ఏ కుర్ర డ్రైవరైనా చిట్యాల దగ్గర తొంభైతో లాగించి ఉంటే ఏమయ్యేది? అందుకే ఈ లెక్కను పిల్లల ఆటలెక్క అంటే నాకు కోపం వస్తుంది.

సేటు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గుమస్తా మొహం చూశాడు. లెక్క ఒప్పుకున్నాడు. కోసిన బత్తా మాత్రం ఇవ్వలేదు. "అయిపోయిన దానికి ఏం జేస్తం" అన్నాడు. ఇక మీద కోయనన్నాడు, అన్నమాట ప్రకారం కోయలేదు. కానీ పాత పైసలు రాలేదు. ఇన్నేళ్లయినా నేను అది మర్చిపోలేదు. మా చిన్నమ్మ అసలే మర్చిపోలేదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఇంకొంచెం ఓపిక పట్టండి సార్, అసలైన గుంట ఇప్పుడు వస్తుంది.

సేటుకు సగటు 45 కాదు, 60 కావాలనుకుందాం. పోయేటప్పుడు 30తోనే పోయాడు. వచ్చేటప్పుడు ఎంతతో రావాలి? 90 అని చెయ్యెత్తిన వాళ్లు చేతులు దించండి. మొత్తం 240 కిలోమీటర్లు 60 సగటుతో తిరగాలంటే 4 గంటలు. గోదాము గేటు దగ్గరికి చేరేసరికే 4 గంటలు అయిపోయాయి! తిరిగి రావడానికి ఒక్క క్షణం కూడా మిగల్లేదు. 90 కాదు, 900తో వచ్చినా సగటు 60కి రాదు. ఒక వైపు 30తో పోతే, తిరుగు ప్రయాణం విమానంలో చేసినా సగటు 60 లోపే ఆగిపోతుంది. సమాన దూరాల లెక్కలో నెమ్మది వేగానికి రెట్టింపు అనేది ఎప్పటికీ అందని హద్దు.

దీన్ని చూసి తడబడింది మనమే కాదు. మాక్స్ వర్తైమర్ అని మనస్తత్వ శాస్త్రవేత్త, 1934లో ఐన్‌స్టీన్‌కు ఇట్లాంటి పొడుపు లెక్కే రాసి పంపాడు. ఒక పాత కారు మైలు దూరం గుట్ట ఎక్కాలి, మైలు దూరం దిగాలి. ఎక్కేటప్పుడు గంటకు 15 మైళ్లు మించలేదు. మొత్తం మీద సగటు 30 రావాలంటే దిగేటప్పుడు ఎంతతో దిగాలి? లెక్క వేసి చూసేదాకా, దిగడానికి టైమే మిగల్లేదన్న సంగతి తనకు తట్టలేదని ఆయన జవాబు రాశాడు.

ఇక ఆ వెనక బెంచీ అబ్బాయి సూత్రం. 2 ఎబి బై ఎ ప్లస్ బి. 2 ఇంటూ 30 ఇంటూ 60 అంటే 3600, దాన్ని 90తో భాగిస్తే 40. సరిగ్గా వచ్చింది. నా బాధ ఆ సూత్రం మీద కాదు, దాన్ని షరతు లేకుండా నూరిపోసే గైడ్ల మీద. "ఒక బండి ప్రయాణ సమయంలో సగం 30తో, సగం 60తో నడిచింది" అని ఇస్తే, గైడు చదివిన పిల్లలు కళ్లు మూసుకొని 40 అని రాసి వస్తారు. అక్కడ సమయాలు సమానం, కాబట్టి సేటు గారి 45 సరైన జవాబు! ప్రశ్నలో "దూరంలో సగం" అన్నారా, "సమయంలో సగం" అన్నారా అని వేలు పెట్టి చూడాలి. దారి మూడు సమాన ముక్కలై వేగాలు 20, 30, 60 అని ఇస్తే ఇంకో ప్రమాదం. ముందు 20, 30కి సూత్రం వేసి 24 అంటారు, ఆ 24కూ 60కీ మళ్లీ వేసి 34 చిల్లర అంటారు. ఆ 24 రెండు ముక్కలది, 60 ఒక్క ముక్కది. రెండూ సమాన దూరాలు కావు కదా! ఒక్కో ముక్క 60 కిలోమీటర్లు అనుకోండి. 3 గంటలు, 2 గంటలు, 1 గంట. 180 బై 6. జవాబు 30.

మరి ఇంతమంది సేట్లు ఇన్నేళ్లు మామూలు సగటుతో ఎట్లా నెట్టుకొచ్చారు? వేగాలు దగ్గర దగ్గరగా ఉంటే తేడా బయటపడదు. పోను 50, రాను 60 అయితే అసలు సగటు 54.5, సేటు సగటు 55. దాన్ని ఎవరు పట్టుకుంటారు? 30, 60 అయినప్పుడు తేడా 5కు పెరిగి ఒక మనిషి కూలి మీద పడుతుంది. రెండు వేగాల తేడా రెట్టింపైతే, వాటి మొత్తం మారకపోతే, సగటులో తప్పు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి వేగాలు దూరంగా ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త పడాలి.

పదో తరగతి పిల్లలకు ఒక లెక్క ఇచ్చి మైకు ఇచ్చేస్తాను. చిన్నాయన బండి గోదాముకు లోడుతో 40 వేగంతో పోయింది. పోను 120, రాను 120. రాకపోకలకు కలిపి సగటు 60 రావాలని సేటు పట్టుబట్టాడు. తిరుగు ప్రయాణానికి ఎంత సమయం మిగిలింది, ఎంత వేగం కావాలి, గవర్నర్ ఉన్న బండి దాన్ని చేయగలదా? సూత్రం వాడకుండా, గంటలు రాసి చూపించండి. టీ తాగే లోపల ముందు చెప్పిన వాళ్లకు ఈ శాలువా ఇస్తాను. నాకు ఇంట్లో చాలా ఉన్నాయి.