సిజేరియన్ బల్ల మీద అడగకూడని ప్రశ్న

ఆశా చెల్లెళ్ళకు, ఏఎన్ఎంలకు నమస్కారం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకే ఆపరేషన్ గురించి తక్కువ చెప్పి, దానికి ముందు మనం మాట్లాడే మాటల గురించి ఎక్కువ చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వయసున్న పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వాళ్ళలో చాలామందికి పాతికేళ్ళు కూడా నిండకముందే అయిపోతోంది. నాకు కంగారు పుట్టించేది ఆ వయసే. అమెరికాలో ఆపరేషన్ అయిన పదివేల మందికి పైగా ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. 30 ఏళ్ళు దాటాక చేయించుకున్నవాళ్ళలో, 14 ఏళ్ళు గడిచేసరికి, చేయించుకోకుండా ఉండాల్సిందని అన్నవాళ్ళు నూటికి ఆరుగురు. 30 లోపు చేయించుకున్నవాళ్ళలో ఇరవైమంది. మనవాళ్ళు అంతకన్నా చిన్న వయసులో బల్ల ఎక్కుతున్నారు.

ఒక అమ్మాయిని ఊహించుకోండి. వయసు 23. మొదటి బిడ్డకు మూడేళ్ళు, రెండో కాన్పు ఇవాళ సిజేరియన్. పొట్ట ఎలాగూ తెరిచారు కదా, ట్యూబులు కూడా కట్టేయండని అత్తగారు బయటి నుంచి కబురు పంపింది. మనకూ పని తేలిక. నొప్పుల మధ్య ఆ అమ్మాయి తల ఊపింది. దాన్ని సమ్మతి అనడానికి వీల్లేదు. నొప్పుల్లోనూ, మత్తులోనూ సంతకం తీసుకోకూడదని నిబంధనల్లోనే ఉంది. ఆమె సంతకం ఒక్కటీ చాలు, భర్త సంతకం అవసరమే లేదు. ఈ మాట చాలామంది డాక్టర్లకే నచ్చదనుకోండి, అది వేరే సంగతి.

ఐదేళ్ళ తర్వాత ఆమె ఎందుకు బాధపడొచ్చు? పుట్టిన బిడ్డ మొదటి ఏడాదిలోనే జబ్బు చేసి పోవచ్చు. భర్త పోయాక, లేదా విడాకులయ్యాక మరో పెళ్ళి జరగొచ్చు. కొందరు మాత్రం నిర్ణయం తమది కాకపోవడం వల్లే బాధపడతారు. ఇవి అడగడం అపశకునమని మనమే నోరు నొక్కుకుంటాం. ఏడో నెల చెకప్‌లో, అత్తగారు పక్కన లేనప్పుడు, "అమ్మా, పరిస్థితులు మారితే మళ్ళీ బిడ్డ కావాలనిపిస్తుందా?" అని అడగండి. "ఏమో" అంటే ఆపరేషన్ వాయిదా వేయాలి. కాన్పు కాగానే కాపర్-టి 380ఎ వేయించవచ్చు. అది పదేళ్ళు పనిచేస్తుంది, తీయిస్తే గర్భం నిలుస్తుంది. భర్తకు కోత లేని వేసెక్టమీ ఉందని కూడా చెప్పండి. వాళ్ళు నవ్వుతారు, అయినా చెప్పండి.

"కావాలంటే మళ్ళీ కలుపుతారులే" అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. కాన్పు తర్వాత వారంలోపు చేసే మినీల్యాప్‌లో ట్యూబును మడతలా పైకి లాగి, కట్టి, ఆ మడతను కోసేస్తారు. మన క్యాంపుల్లో డీపీఎల్ అనే ల్యాప్రోస్కోపీలో ఆ మడతకు చిన్న సిలికాన్ రింగు తొడుగుతారు. రింగు వేసినప్పుడు పాడయ్యే భాగం తక్కువ కాబట్టి కలిపితే కొంత ఆశ ఉంటుంది. ట్యూబు మొత్తం తీసేస్తే కలపడానికి ఏమీ మిగలదు. కలిపినా గర్భం వస్తుందనే హామీ లేదు, ట్యూబులో గర్భం వచ్చే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

ఇక ఫెయిలవడం. ఆ అధ్యయనంలోనే అన్ని పద్ధతులూ కలిపి పదేళ్ళలో వెయ్యిమందికి 18 లేదా 19 మందికి గర్భం వచ్చింది. కాన్పు వెంటనే కోసి కట్టినవాళ్ళలో ఏడెనిమిది మందికి, రింగు వేసినవాళ్ళలో 18 మందికి దాకా. కోసిన చివరలు మళ్ళీ అతుక్కోవచ్చు, ట్యూబు అనుకుని పక్కనున్న లిగమెంటును కట్టేసి ఉండొచ్చు. అందుకే ట్యూబు చివర కుచ్చులా ఉండే భాగాన్ని చూశాకే కట్టాలి. కొన్నిసార్లు ఆపరేషన్ నాటికే గర్భం నిలిచి ఉంటుంది, కాన్పుతో సంబంధం లేకుండా చేసేటప్పుడు నెలసరి మొదలైన వారంలోపు చేయడం అందుకే.

ఈ అంకె చెబితే జనం భయపడి రారని మీలో కొందరి వాదన. నాకు ఒప్పుదల లేదు. చెప్పకపోతే, నెల తప్పిన ఆవిడ "నాకు ఆపరేషన్ అయిందిగా" అని ఇంట్లోనే కూర్చుంటుంది, ఊళ్ళో ఆమె శీలం మీద మాటలు పుడతాయి. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి: ఆపరేషన్ తర్వాత వచ్చిన గర్భాల్లో మూడింట ఒకటి దాకా గర్భసంచి బయటే ఉంటుంది. నెల తప్పి, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దిగా రక్తం, కళ్ళు తిరగడం ఉంటే అదే రోజు మూత్ర పరీక్ష, స్కానింగ్ కావాలి. ట్యూబు పగిలితే గంటల్లో ప్రాణం మీదకొస్తుంది.

ఫెయిలైతే ప్రభుత్వ పరిహారం ఉంది. తెలిసిన 90 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. అందుకు ఆపరేషన్ సర్టిఫికెట్ కావాలి. అది ఆపరేషన్ రోజే ఇచ్చేది కాదు, నెల రోజులకు గానీ, తర్వాతి నెలసరి వచ్చాక గానీ, ఏది ముందైతే అప్పుడు పరీక్షకు వస్తే ఇస్తారు. ఆ ఒక్క విజిట్‌కు మన ఊళ్ళ నుంచి ఎవరూ రావడం లేదు. ఈసారి ఇళ్ళకు వెళ్ళినప్పుడు ముందు ఆ సర్టిఫికెట్ ఉందేమో అడగండి.