తాత గోలీలు మనవరాలికి ఎందుకు పనికిరావు?

శ్రోతలందరికీ నమస్కారం.

"మా మామకు షుగర్ ఉన్నది సార్. ఎన్నో ఏండ్ల సంది గోలీల మీదనే నడుస్తున్నది. బిడ్డకేమో రోజుకు నాలుగు సూదులంటున్నరు. ఆయన గోలీలే సగం చేసి వేస్తే నడవదా?"

పిల్లల వార్డులో పనిచేసే మాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఈ తల్లిది పరకాల దగ్గర ఒక పల్లె. ఆమె బిడ్డకు తొమ్మిదేళ్లు. తాతకూ మనవరాలికీ రక్తంలో పెరిగింది చక్కెరే కాబట్టి మందు కూడా ఒకటే అయి ఉండాలని ఆమె అనుకోవడంలో విడ్డూరమేం లేదు. కానీ ఆ ఇంట్లో ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. తాతది టైప్ టూ, మనవరాలిది టైప్ వన్.

మనం తిన్న అన్నం, రొట్టె కడుపులో అరిగి గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది. అది రక్తంలోంచి కండల్లోకి, కణాల్లోకి వెళ్లాలంటే ఇన్సులిన్ అనే హార్మోన్ కావాలి. కడుపు వెనక క్లోమం అనే గ్రంథి ఉంటుంది, డాక్టర్లు ప్యాంక్రియాస్ అంటారు. అందులోని బీటా కణాలే ఇన్సులిన్ తయారుచేస్తాయి.

మన వరంగల్ వాళ్లకు చెరువుల సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. తాత ఒంట్లో చెరువులో నీళ్లున్నాయి, కాలువలే పూడుకుపోయాయి. ఇన్సులిన్ ఉంటుంది కానీ కండలు, కాలేయం దాని మాట సరిగా వినవు. నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు, ఒంటికి పని తగ్గడం, ఇంటి వంశంలో షుగర్ ఉండటం, ఇవన్నీ కలిసి ఆ పూడికను తెస్తాయి. దాన్ని దాటి చక్కెరను కణాల్లోకి పంపడానికి బీటా కణాలు కొన్నేళ్లపాటు ఎక్కువ ఇన్సులిన్ చేసి చేసి అలసిపోతాయి. అప్పుడు రక్తంలో చక్కెర పెరగడం మొదలవుతుంది. మనవరాలి ఒంట్లో కాలువలు బాగానే ఉన్నాయి. చెరువే ఎండిపోయింది. రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత బీటా కణాల మీదే పడి వాటిని చంపేసింది.

అది ఎందుకలా తిరగబడుతుందో పూర్తిగా తేలలేదు. కొన్ని జన్యువులు, బహుశా కొన్ని వైరస్‌లు కారణమని అనుకుంటున్నారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. బిడ్డకు చాక్లెట్లు ఎక్కువ పెట్టినందుకు టైప్ వన్ రాదు. తాత నుంచి కూడా రాలేదు. టైప్ వన్ వచ్చిన పిల్లల్లో ఎక్కువ మందికి ఇంట్లో ఆ జబ్బు ఎవరికీ ఉండదు. "నువ్వే మిఠాయిలు తినిపించినవ్" అని కోడలిని అనే అత్తలు ఈ మాట వింటే బాగుండు.

ఇప్పుడు గోలీల సంగతి. షుగర్‌కు ముందుగా రాసే మెట్‌ఫార్మిన్ కాలేయం నుంచి రక్తంలోకి వచ్చే చక్కెరను తగ్గిస్తుంది, ఉన్న ఇన్సులిన్ బాగా పనిచేసేలా చూస్తుంది. గ్లిమెపిరైడ్ లాంటివి బీటా కణాలను తట్టి ఇంకాస్త ఇన్సులిన్ వదిలేలా చేస్తాయి. రెండూ ఉన్నదాని మీద ఆధారపడి పనిచేసేవే. తట్టడానికి కణాలే మిగలని చోట గోలీ ఏం చేస్తుంది? ఇన్సులిన్‌నే గోలీగా ఇవ్వొచ్చు కదా అంటారు. అది ప్రొటీన్, కడుపులోకి పోతే పప్పు అరిగినట్టే అరిగిపోతుంది. అందుకే సూది.

వయసు విషయానికొస్తే, టైప్ వన్ ఎక్కువగా చిన్నతనంలో, బడి ఈడులో, పదేళ్లు దాటి ఎదిగే వయసులో బయటపడుతుంది. వారాల్లోనే ముదురుతుంది. టైప్ టూ మామూలుగా నలభై దాటాక వచ్చేది, మన దగ్గర ముప్పైల్లోనూ చూస్తున్నాం. అది ఏళ్లకేళ్లు చప్పుడు చేయకుండా ఉంటుంది. అందుకే ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో ముప్పై దాటిన వాళ్లకు షుగర్ పరీక్ష చేస్తారు. అయితే వయసు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. నలభై ఏళ్ల బక్కపలచని మనిషికి గోలీలు కొన్నాళ్లకే పనిచేయడం మానేస్తే అది నిదానంగా ముదిరే టైప్ వన్ కావచ్చు. మెడ వెనక నల్లబడి, లావుగా ఉన్న పదిహేనేళ్ల పిల్లవాడిది టైప్ టూ కావచ్చు. అనుమానం ఉన్నప్పుడు గ్యాడ్ యాంటీబాడీ, సి-పెప్టైడ్ అనే రక్త పరీక్షలు చేయిస్తాం. మొదటిది దాడి జరుగుతోందా అని, రెండోది సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందని చెబుతాయి.

ఆ తొమ్మిదేళ్ల బిడ్డకు జరిగింది వినండి. మూడు వారాలుగా చెంబులకు చెంబులు నీళ్లు తాగుతోంది. ఎన్నడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బాగా తింటున్నా చిక్కిపోయింది, లంగా నడుముకు నిలవడం లేదు. ఎండాకాలం కదా, దూప అవుతుందిలే అనుకున్నారు. తర్వాత కడుపునొప్పి, వాంతులు. ఊళ్లో సూదులిచ్చే ఆయన దగ్గరికి తీసుకుపోతే, నీరసంగా ఉందని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. రాత్రికి పిల్ల ఎగపోత మొదలుపెట్టింది, మాట మత్తుగా వచ్చింది.

ఇన్సులిన్ లేనప్పుడు కణాలకు చక్కెర అందదు. ఆకలికి ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కరిగినదాంట్లోంచి కీటోన్లనే ఆమ్లాలు పుట్టి రక్తం పులుస్తుంది. ఆ పులుపును ఊపిరితో బయటికి పంపాలని ఒళ్లు తంటాలు పడుతుంది, అదే ఆ లోతైన, వేగమైన ఎగపోత. ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తుంది. దీన్ని డీకేఏ అంటాం. అప్పటికే చక్కెరతో నిండిన రక్తంలోకి ఇంకో బాటిల్ గ్లూకోజ్ పోతే ఏమవుతుందో ఊహించుకోండి.

మా దగ్గరికి వచ్చినప్పుడు వేలు గుచ్చి చూస్తే మీటర్‌లో అంకె రాలేదు, HI అని వచ్చింది. అంటే ఆ మీటర్ కొలవగలిగిన దాన్ని దాటిపోయిందన్నమాట. లక్షణాలున్న మనిషికి ఏ వేళ చూసినా 200 దాటితే షుగర్ అని తేల్చొచ్చు, ఈ బిడ్డది దానికి ఎంతో పైన. ఉప్పు సెలైన్ నిదానంగా ఎక్కిస్తూ, ఇన్సులిన్‌ను గంట గంటకూ లెక్కగా ఇస్తూ, పొటాషియం చూసుకుంటూ నడిపితే రెండో రోజుకు లేచి కూర్చుని అన్నం అడిగింది. ఆర్‌ఎంపీలను నేను తిట్టడం లేదు, అర్ధరాత్రి ఊళ్లో దొరికేది వాళ్లే. కానీ వాంతులతో, ఎగపోతతో వచ్చిన పిల్లకు బాటిల్ పెట్టేముందు ఒక్క చుక్క రక్తం చూడండి. మీటర్ ఉంటే నిమిషం పట్టదు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె బరువు ఇరవై రెండు కిలోలు. రోజుకు పద్దెనిమిది యూనిట్ల ఇన్సులిన్‌తో మొదలుపెట్టాం. రాత్రికి ఎక్కువసేపు పనిచేసేది ఎనిమిది, మూడు పూటల తిండికి ముందు త్వరగా పనిచేసేది నాలుగు, మూడు, మూడు. ఈ లెక్క ఆ బిడ్డకే, ఇంకెవరూ వాడొద్దు. పిల్ల ఎంత తింటుంది, ఎంత ఆడుతుంది, జ్వరం ఉందా అన్నదాన్ని బట్టి ఇది మారుతూనే ఉంటుంది.

నెలన్నరకు ఒక విచిత్రం జరిగింది. షుగర్ తగ్గిపోతూ వచ్చింది. మోతాదు సగానికి దించాల్సి వచ్చింది. టైప్ వన్‌లో ఇది చాలామందికి జరుగుతుంది. చావకుండా మిగిలిన కొన్ని బీటా కణాలు, మీద భారం తగ్గగానే కొన్ని నెలలు తేరుకుని పనిచేస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ అంటారు. ఇంట్లోవాళ్లకు మాత్రం జబ్బు పోయినట్టే కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే చుట్టం ఒకాయన ఆకు పసరు ఇచ్చాడు. సూదులు మానేశారు. పసరు పనిచేసిందని వారం పాటు అందరూ నమ్మారు కూడా. తొమ్మిదో రోజున పిల్ల మళ్లీ వాంతులతో మా వార్డులో ఉంది. ఆ మిగిలిన కణాలనూ రక్షణ వ్యవస్థ వదిలిపెట్టదు, కాబట్టి హనీమూన్‌లో మోతాదు తగ్గించొచ్చు గానీ మానేయకూడదు.

తాత సంగతి వేరు. ఆయన గోలీలు రెండు రోజులు మరిచిపోతే షుగర్ పెరుగుతుంది, అది మంచిది కాదు, కానీ సాధారణంగా ఆ వారంలోనే ప్రాణం మీదికి రాదు. పొట్ట తగ్గించి, నడిచి, అన్నం కొలత తగ్గించి గోలీలు తగ్గించుకున్నవాళ్లున్నారు. ఏళ్లు గడిచి ఆయన బీటా కణాలు బాగా నీరసించాక ఆయనకూ ఇన్సులిన్ పెట్టొచ్చు. అంతమాత్రాన ఆయనది టైప్ వన్ అయిపోదు.

ఇంకొక తప్పు తరచూ చూస్తాం. పిల్ల జ్వరంతో ఏమీ తినలేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తారు. తినకపోయినా ఒంటికి కొంత ఇన్సులిన్ కావాల్సిందే, జ్వరంలో ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి. తిండి ముందు సూది తగ్గించాలేమో డాక్టర్‌ను అడగండి, కానీ రాత్రి సూది మీ అంతట మీరు ఆపొద్దు. ఆ రోజుల్లో మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ ఇంట్లో ఉంటే మంచిది.

సిరంజి మాట కూడా చెప్పాలి. మన దగ్గర సీసాల్లో అమ్మే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు నలభై యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూత ఉన్నది వంద యూనిట్లదానికి. నలభై సీసాలోంచి నారింజ మూత సిరంజితో పది గీత దాకా తీస్తే పిల్లకు అందేది నాలుగు యూనిట్లే. తారుమారైతే ఇంకా ప్రమాదం: వంద యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా తీస్తే ఇరవై ఐదు యూనిట్లు పోతాయి. దుకాణంలో సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ చూసి తీసుకోండి.

మోతాదు ఎక్కువై షుగర్ 70 కన్నా దిగితే పిల్లకు చెమటలు, వణుకు, చిరాకు వస్తాయి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ మీటర్ పెట్టండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇది బడిలో టీచర్‌కు తెలిసి ఉండాలి, పిల్ల సంచిలో చక్కెర పొట్లం ఉండాలి.

ఇంకా తెరవని ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాలి, ఐస్ గడ్డకట్టే అరలో పెట్టొద్దు, గడ్డకట్టింది పనికిరాదు. వాడుతున్న సీసాను నాలుగు వారాలకు మించి వాడొద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూసి, అది తడవకుండా, నీళ్లతో తడిపిన మట్టికుండలో నీడ పట్టున పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల ఇళ్లలో బయట పెట్టిన ఇన్సులిన్ చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేయదు.

నమస్కారం.