మెంబర్‌షిప్ ఆపేశాక ఏం పోతుంది, ఏం మిగులుతుంది

అందరికీ నమస్కారం.

నచ్చిన యూట్యూబ్ ఛానల్‌కో, పేట్రియాన్‌లో ఉన్న రచయితకో, పాడ్‌కాస్ట్ నడిపేవారికో నెలనెలా కొంత డబ్బు కట్టేవాళ్లు ఇప్పుడు మనలో చాలామందే ఉన్నారు. చేరడం అరనిమిషం పని. ఆపేటప్పుడే చిక్కులు వస్తాయి. ఆపిన రోజే అన్నీ పోతాయా? కట్టిన డబ్బులో కొంతైనా వెనక్కి వస్తుందా? ఆపేశామనుకున్నా మళ్లీ ఎందుకు కట్ అయింది? ఈ మూడు ప్రశ్నలే ఎక్కువగా వినపడతాయి. మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. మెంబర్‌షిప్ వేరు, డబ్బు కట్ చేసుకోవడానికి మీరిచ్చిన అనుమతి వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

మీరు ఒక ఛానల్‌లో సభ్యులుగా చేరినప్పుడు రెండు చోట్ల నమోదవుతుంది. యూట్యూబ్ దగ్గర మీరు ఫలానా స్థాయి సభ్యులని రాసుకుంటారు. మీ బ్యాంకులోనో యూపీఐ యాప్‌లోనో, ఈ సంస్థ ప్రతి నెలా ఇంత తీసుకోవచ్చని ఒక మ్యాండేట్ ఏర్పడుతుంది. ఫోన్‌పే, గూగుల్ పేలలో ఆటోపే కింద కనిపించేది ఇదే. మొదటి చోట ఆపితే సభ్యత్వం పద్ధతి ప్రకారం ముగుస్తుంది. రెండో చోట మాత్రమే ఆపితే సభ్యత్వం అలాగే నిలబడి ఉంటుంది, తర్వాతి నెల డబ్బు అందదు. అప్పుడు ప్లాట్‌ఫాం లెక్కలో మీరు మానేసిన సభ్యులు కారు, చెల్లింపు విఫలమైన సభ్యులు. కార్డు మార్చండి, చెల్లింపు సరిచేయండి అని మెయిళ్లు వస్తాయి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. ఆ మధ్యలో మీరు ఇంకేదో కొనడానికి కొత్త కార్డు జతచేస్తే పాత బాకీ దాని మీద పడే అవకాశం కూడా ఉంది. అందుకే ముందు ప్లాట్‌ఫాంలో ఆపండి, మ్యాండేట్ సంగతి ఆ తర్వాత చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు జూన్ 12న ఒక తెలుగు ఛానల్‌లో నెలకు 159 రూపాయల స్థాయిలో చేరారు. జూన్ 20న మానేద్దామనుకున్నారు. బ్రౌజర్‌లో youtube.com/paid_memberships తెరిస్తే ఆ ఖాతాతో చేరిన ఛానళ్లన్నీ కనిపిస్తాయి. ఆ ఛానల్ పక్కన Manage membership నొక్కి, Deactivate ఎంచుకుని, తర్వాత వచ్చే తెరలో మానేస్తున్నట్టు ఖాయం చేయాలి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. మధ్యలో పేజీ మూసేస్తే ఏమీ ఆగదు. నిజంగా ఆగిందో లేదో తెలుసుకోవడం తేలికే: ఇంతకుముందు తర్వాతి బిల్లు తేదీ ఉన్న చోట ఇప్పుడు సభ్యత్వం ముగిసే తేదీ కనిపించాలి. ఆ తేదీ ఉన్న తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఏ గొడవ వచ్చినా మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ఈ మనిషికి ముగింపు జూలై 12న పడుతుంది. జూన్ 20 నుంచి అప్పటిదాకా 22 రోజులు. ఆ 22 రోజులకు డబ్బు వెనక్కి రాదు, కానీ ఆ 22 రోజులూ అన్నీ యథాతథంగా నడుస్తాయి. పేరు పక్కన బ్యాడ్జీ ఉంటుంది, లైవ్ చాట్‌లో ఆ ఛానల్ ఎమోజీలు వాడుకోవచ్చు, సభ్యులకు మాత్రమే పెట్టిన వీడియోలు చూడవచ్చు. కాబట్టి మానేయాలని గట్టిగా అనుకుంటే ఆఖరి రోజుదాకా ఎదురుచూడటం వల్ల ఒరిగేదేమీ లేదు. బిల్లు పడిన మర్నాడే ఆపేసినా నెలంతా మీదే. ఆఖరి రోజున ఆపుదామనుకుంటే మాత్రం మరిచిపోవడానికీ, సర్వర్ టైమ్‌కూ మన టైమ్‌కూ తేడా వల్ల ఒక పూట ముందే బిల్లు పడిపోవడానికీ ఆస్కారం ఉంటుంది.

పూర్తిగా మానేయడం ఇష్టం లేక, ఖర్చు తగ్గితే చాలనుకునేవాళ్లు కింది స్థాయికి మారవచ్చు. యూట్యూబ్‌లో స్థాయి తగ్గిస్తే ఆ మార్పు తర్వాతి బిల్లు నుంచి మొదలవుతుంది, అప్పటిదాకా పై స్థాయి సౌకర్యాలే ఉంటాయి. స్థాయి పెంచితే మాత్రం వెంటనే అమల్లోకి వస్తుంది, మిగిలిన రోజులకు తేడా అప్పుడే కట్ అవుతుంది.

ఐఫోన్‌లో యాప్ లోపలి నుంచి చేరినవాళ్ల సంగతి వేరు. వాళ్ల డబ్బు ఆపిల్ ద్వారా వెళ్తుంది. ఫోన్ Settings తెరిచి, పైన మీ పేరు నొక్కి, Subscriptions లోకి వెళ్లి అక్కడ ఆపాలి. రీఫండ్ అడగాలన్నా reportaproblem.apple.com లో ఆపిల్‌నే అడగాలి. క్రియేటర్ ఇవ్వాలనుకున్నా ఆ డబ్బు అతను వెనక్కి పంపలేడు, ఎందుకంటే ఆ లావాదేవీ అతని చేతిలో లేదు. ఇది తెలియక క్రియేటర్‌తో మాటామాటా అనుకున్నవాళ్లు ఉన్నారు. ఏ దారిలో చేరారో గుర్తులేకపోతే మొదటి నెల రసీదు మెయిల్ ఎవరి నుంచి వచ్చిందో చూడండి. ఆపిల్ పేరుంటే ఆపిల్, గూగుల్ పేరుంటే గూగుల్. ఇంకో మాట కూడా చెప్పాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఏదీ ఆగదు.

పేట్రియాన్‌కు వద్దాం. 2013లో మొదలైన ఈ సంస్థలో బిల్లు పడే పద్ధతి అందరు క్రియేటర్ల దగ్గరా ఒకేలా ఉండదు. కొందరి దగ్గర మీరు చేరిన తేదీనే ప్రతి నెలా కట్ అవుతుంది. ఇంకొందరి దగ్గర చేరిన రోజు ఒకసారి, ఆ తర్వాత ప్రతి నెలా 1వ తేదీన కట్ అవుతుంది. రెండో పద్ధతి ఉన్న చోట 28వ తేదీన చేరితే మూడు నాలుగు రోజుల్లోనే రెండోసారి డబ్బు పోతుంది. పొరపాటున రెండుసార్లు తీసుకున్నారని అనుకుంటారు గానీ అది ఆ పద్ధతే. చేరే ముందు బిల్లు ఎప్పుడు పడుతుందో చూసుకుని, అలాంటి చోట నెల మొదట్లో చేరడం మంచిది. ఇప్పటికే అలా దెబ్బతిన్నవాళ్లు మర్యాదగా క్రియేటర్‌కు రాస్తే చాలామంది తిరిగి ఇస్తారు. పేట్రియాన్‌లో వెబ్ ద్వారా కట్టిన సొమ్ముకు రీఫండ్ ఇచ్చే వీలు క్రియేటర్‌కు ఉంటుంది.

అక్కడ ఆపడానికి వెబ్‌సైట్‌లో Settings లోని Memberships పేజీకి వెళ్లి ఆ క్రియేటర్ పేరు దగ్గర రద్దు చేసుకోవాలి. డబ్బు కట్టిన కాలం ముగిసేవరకు పోస్టులు తెరుచుకునే ఉంటాయి. ఏడాదికి ఒకేసారి కట్టినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. జనవరి 10న ఏడాది సొమ్ము కట్టి ఏప్రిల్‌లో రద్దు చేసుకుంటే వచ్చే జనవరి 10 దాకా చదువుకోవచ్చు, మిగిలిన తొమ్మిది నెలల సొమ్ము దానంతటది వెనక్కి రాదు. అందుకే కొత్తగా పరిచయమైన క్రియేటర్‌కు ఏడాది పథకం వద్దనే నా సలహా. రాయితీ కొంత పోయినా పరవాలేదు, రెండు మూడు నెలలు చూశాక తీసుకోండి.

గడువు ముగిశాక ఏం పోతుంది? తాళం వెనక ఉన్నవన్నీ పోతాయి. మీరు డబ్బు కడుతున్న కాలంలో వచ్చిన పాత పోస్టులు, వీడియోలు కూడా మూసుకుపోతాయి. దీనికి చాలామంది నొచ్చుకుంటారు. ఆ నెలకు కట్టాను కదా, ఆ నెల వీడియో నాది కాదా అంటారు. కాదు. మీరు కొన్నది ఆ వీడియోను కాదు, ఆ కాలంలో లోపలికి వచ్చే హక్కును. అయితే క్రియేటర్ స్వయంగా డౌన్‌లోడ్‌కు ఇచ్చిన పీడీఎఫ్, ఆడియో ఫైల్, వాల్‌పేపర్ లాంటివి మీ దగ్గర దించి పెట్టుకుని ఉంటే అవి పోవు. గడువు ముగిసేలోపు చేయాల్సిన అసలు పని ఇదే: పాత పోస్టులు వరుసగా తెరిచి, దించుకోనిచ్చిన ఫైళ్లు దించుకోండి. వాటిని ఇతరులకు పంచే హక్కు మాత్రం మీకు రాదు.

పేట్రియాన్ పాడ్‌కాస్టులకు ఇచ్చే ప్రైవేటు ఆర్‌ఎస్‌ఎస్ లింకు మీ సభ్యత్వానికి కట్టి ఉంటుంది. సభ్యత్వం ముగిస్తే ఆ లింకు కొత్త ఎపిసోడ్లు తేదు. డిస్కార్డ్ సర్వర్‌లో సభ్యులకిచ్చిన రోల్ కూడా తీసేస్తారు, ఆ గదుల్లో మీరు రాసిన సందేశాలు అక్కడే ఉంటాయి గానీ మీకు కనిపించవు. పరిమిత సంఖ్యలో మాత్రమే సభ్యులను తీసుకునే స్థాయిలో మీరు ఉంటే, మీరు వెళ్లగానే ఆ ఖాళీలోకి ఇంకొకరు రావచ్చు. మళ్లీ వద్దామనుకుంటే చోటు దొరక్కపోవచ్చు. రెండు నెలలు ఆపి చూద్దాం అనుకునేవాళ్లు ఈ ఒక్కటి ముందే ఆలోచించుకోవాలి.

ఇక ఇన్నాళ్లూ ఇచ్చిన డబ్బు. అది పూర్తయిన చెల్లింపు. మానేసినందుకు అందులో ఏమీ వెనక్కి రాదు, అందులోంచి క్రియేటర్ దగ్గర ఏమీ కోసుకోరు కూడా. రసీదులు మీ ఖాతాలోని చెల్లింపుల చరిత్రలో ఉంటాయి. సభ్యత్వంతో పాటు ఖాతానే తొలగించాలనుకుంటే ముందు ఆ రసీదులు దించుకోండి, తర్వాత అవి దొరకవు. క్రియేటర్‌కు ఇచ్చింది విరాళమే కదా, ఆదాయపు పన్నులో 80జీ కింద చూపించుకోవచ్చా అని అడుగుతుంటారు. కుదరదు. 80జీ మినహాయింపు ఆమోదం పొందిన సంస్థలకు, నిధులకు ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది, ఒక వ్యక్తి ఛానల్‌కు కట్టిన సభ్యత్వ రుసుముకు కాదు.

ప్లాట్‌ఫాంలో ఆపిన తర్వాత మ్యాండేట్ చూడండి. యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి, అది ఇంకా యాక్టివ్ అని ఉంటే పిన్ కొట్టి రద్దు చేయవచ్చు. కార్డు మీద ఉంటే బ్యాంకు యాప్‌లో ఇ-మ్యాండేట్ల విభాగంలో ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త: అదే మ్యాండేట్ మీద వేరే చెల్లింపు ఏదైనా నడుస్తోందేమో సంస్థ పేరు, మొత్తం చూసుకుని రద్దు చేయండి. గూగుల్ పేరుతో రెండు మూడు ఉంటే మొత్తమే గుర్తు.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద ఆటో డెబిట్ జరగడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నవి అందులో ఉంటాయి. ఆ ఒక్క డెబిట్‌నో మొత్తం మ్యాండేట్‌నో వద్దనే వీలు కూడా ఇవ్వాలి. ఆ ఎస్సెమ్మెస్‌ను ప్రకటనల్లో కలిపి చెరిపేయకండి. ఆపేశాననుకున్న సభ్యత్వానికి ఆ సందేశం వచ్చిందంటే ఎక్కడో ఆగలేదన్నమాట, సరిచేసుకోవడానికి ఒక రోజు ఉంది. అమెరికాలోనో మరో దేశంలోనో జారీ అయిన కార్డుతో తెలుగు ఛానళ్లకు కడుతున్న మనవాళ్లకు ఈ రక్షణ వర్తించదు, వాళ్లు ముగింపు తేదీ తెరను నమ్ముకోవాల్సిందే.

అన్నీ చేశాక కూడా కట్ అయితే ముందు తేదీ చూడండి. మీరు రద్దు చేయకముందే పడిన బిల్లు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒకటి రెండు రోజుల తర్వాత కనిపించవచ్చు. తర్వాత ఖాతా చూడండి. ఇంట్లో ఒకే ఫోన్‌లో రెండు మూడు జీమెయిళ్లు ఉంటాయి. ఒకదాంట్లో ఆపి, ఇంకోదాంట్లో నడుస్తున్నది గమనించకపోవడం చాలా మామూలు. youtube.com/paid_memberships పేజీని ఒక్కో ఖాతాతో విడివిడిగా తెరిచి చూడాలి. ఆ రెండూ కాదని తేలితే ప్లాట్‌ఫాం సహాయ విభాగానికి ముగింపు తేదీ స్క్రీన్‌షాట్, డెబిట్ తేదీ కలిపి పంపండి. నేరుగా బ్యాంకులో డిస్ప్యూట్ వేయడం ఆఖరి మెట్టుగా ఉంచుకోండి. దానివల్ల ప్లాట్‌ఫాం మీ ఖాతాలో చెల్లింపులను నిలిపివేయవచ్చు, అదే ఖాతాతో మీరు కొనసాగించాలనుకున్న మిగతా సభ్యత్వాలు కూడా దాంతో చిక్కులో పడతాయి.