ఒకే ప్రాజెక్టు, రెండు రాతలు: స్కాలర్‌షిప్ సీవీ, ఉద్యోగం రెజ్యూమే

నమస్తే. ఉద్యోగాలకి పంపిన రెజ్యూమేకి ఫైల్ పేరు ఒక్కటి మార్చి, దాన్నే మాస్టర్స్‌కి అప్‌లోడ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చేసిన మంచి పని అందులో కనబడకుండా పోతుంది.

రెజ్యూమే చదివేది హెచ్‌ఆర్. మా పనికి పనికొస్తారా లేదా అన్నది ఒక పేజీలో తేలిపోవాలి. సీవీ చదివేది మీ సబ్జెక్టు తెలిసిన ప్రొఫెసర్. మీరు దేన్ని పట్టుకుని ఎంత లోతుకి వెళ్లారో చూస్తారు.

ఒక సివిల్ ఇంజినీరు అమ్మాయి అనుకుందాం. రెండేళ్లు ఉద్యోగం చేసింది. నీటి నిర్వహణలో మాస్టర్స్ కోసం జర్మనీ వాళ్ల విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ ఇచ్చే ఈపోస్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తోంది. బీటెక్‌లో నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేసింది.

(స్క్రీన్ మీద, రెజ్యూమే)
"నలుగురి టీమ్‌ని నడిపించి, నీటి పరీక్షల ప్రాజెక్టును గడువులోపు పూర్తి చేశాను."

హెచ్‌ఆర్‌కి ఇది చాలు. ప్రొఫెసర్‌కి మాత్రం ఏమీ దొరకదు. ఏ నీళ్లు? ఏం కొలిచారు? చివరికి ఏం తేలింది?

(స్క్రీన్ మీద, సీవీ)
"బోరు నీటిలో ఫ్లోరైడ్ వానాకాలానికి ముందు, తర్వాత ఎలా మారుతుంది? 24 బోర్ల నమూనాలు, అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలత. వానలకు ముందు 15 బోర్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. నా వంతు: నమూనాల సేకరణ, ల్యాబ్ కొలతలు. గైడ్ పేరు, హోదా."

'నా వంతు' అన్న మాట తప్పకుండా రాయండి. రికమండేషన్ లెటర్ రాసేది ఆ గైడే అయితే, మీరు చెప్పిందీ ఆయన చెప్పిందీ పక్కపక్కనే పెట్టి చదువుతారు. అందుకే లెటర్ అడిగేటప్పుడే సీవీ కూడా ఆయనకి పంపండి.

మార్కుల దగ్గర 8.1 అని వదిలేయకండి, 10కి 8.1 అని రాయండి. జర్మనీలో 1.0 అంటేనే అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 అంటే పాస్. వాళ్ల లెక్క మనకి తలకిందులు.

తేదీలు నెల, సంవత్సరంతో సహా ఇవ్వండి, కొత్తవి పైన. డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఎనిమిది నెలలు ఖాళీ ఉంటే దాచొద్దు. 'గేట్ పరీక్షకు ప్రిపరేషన్' అని ఒక్క లైను చాలు. ఏమీ రాయకపోతేనే అనుమానం వస్తుంది.

కెరీర్ ఆబ్జెక్టివ్ తీసేయండి. ఆ మాటలకి మోటివేషన్ లెటర్ ఉంది. కింద రాసే డిక్లరేషన్ కూడా అక్కర్లేదు. సంతకం మాత్రం మర్చిపోవద్దు. ఈపోస్‌కి యూరోపాస్ అనే యూరప్ వాళ్ల నమూనాలో సీవీ అడుగుతారు, దాని మీద చేత్తో సంతకం, ఆ రోజు తేదీ ఉండాలి. ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాలి. ఆ పని ఆఖరి రాత్రికి పెట్టుకోకండి.